ఏ మాటకు ఏం పలికింది: ప్రాంప్టుల చిట్టా

"మొన్న బాగా వచ్చిన ప్రాంప్ట్ ఎవరి దగ్గరైనా ఉందా?" ఏఐతో పనిచేసే ఏ ఆఫీసు వాట్సాప్ గ్రూపులోనైనా వారానికి ఒకసారైనా కనిపించే ప్రశ్న ఇది. జవాబుగా ముగ్గురు మూడు రకాల వాక్యాలు పంపుతారు. మూడూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. వాటిలో మొన్నటిది ఏదో, అది నిజంగానే బాగా పనిచేసిందో, ఆ రోజు ఇచ్చిన పని తేలికైనదో ఎవరూ చెప్పలేరు.

ప్రాంప్ట్ అంటే ఏఐకి మనం రాసిచ్చే ఆదేశం. ఇందులో మాట అటూ ఇటూ అయితే ఏమవుతుందిలే అనిపించడం సహజం. మనుషులకు చెప్పేటప్పుడు నిజంగానే పెద్దగా ఏమీ కాదు. యంత్రం దగ్గర అలా కాదని చూపించే అంకెలున్నాయి. 2023లో గూగుల్ డీప్‌మైండ్ పరిశోధకులు బడి పిల్లల స్థాయి లెక్కల సంపుటి ఒకటి తీసుకుని, పామ్ 2-ఎల్ అనే మోడల్‌కు లెక్కతో పాటు ఒక్కో వాక్యం జోడించి చూశారు. వాళ్లు ప్రయత్నించిన వాటిలో ఈ మూడూ ఉన్నాయి:

```
Let's think step by step.
Let's solve the problem together.
Let's work together to solve this problem step by step.
```

మొదటి వాక్యంతో నూటికి 71.8 లెక్కలు సరిగ్గా వచ్చాయి, రెండో దానితో 60.5. మూడో వాక్యంలో ఆ రెండింటి అర్థమూ కలిసే ఉంది. దానికి వచ్చినవి 49.4. "అంచెలంచెలుగా ఆలోచిద్దాం", "కలిసి చేద్దాం" అన్న రెండు మంచి మాటల్ని కలిపితే రెండింటికన్నా తక్కువ వచ్చింది. చదివి చూసి, ఏది మెరుగో ఊహించడం అనుభవజ్ఞులకూ కష్టమే. అందుకే ఏ మాటకు ఏం పలికిందో రాసి పెట్టుకోవాలి. దాన్నే ప్రాంప్ట్ లాగ్ అంటున్నారు, మనం చిట్టా అనుకుందాం.

ఈ చిట్టా ఎలా ఉండాలో చూడటానికి ఒక పత్రికా డెస్క్‌ను ఊహించుకుందాం. మండల విలేకరులు పంపే రెండు మూడు వందల పదాల వార్తల్ని మొబైల్ యాప్ కోసం చిన్న వార్తలుగా కుదించడం వాళ్ల పని. మొదటి చిత్తు ఏఐ రాస్తుంది, సబ్ఎడిటర్ చూసి వదులుతాడు. ఇక ముందు వచ్చే లెక్కలన్నీ పద్ధతి చూపించడానికి నేను వేసుకున్నవి. తప్పుల తీరు మాత్రం ఇలాంటి పని చేసినవాళ్లకు బాగా తెలిసినదే.

మొదటి ప్రాంప్ట్ ఒక్క వాక్యం: "ఈ వార్తను 60 పదాల్లో ఆసక్తికరంగా రాయి." విలేకరి పంపిన వార్తలో ఉన్నది ఇంతే. రాత్రి కురిసిన వానకు కొనుగోలు కేంద్రంలో ఆరబోసిన ధాన్యం తడిసింది. సుమారు 300 బస్తాలు ఉంటుందని రైతులు చెప్పారు. తడిసిన ధాన్యాన్నీ కొనాలని కోరారు. ఉదయం తహసీల్దారు వచ్చి పరిశీలించారు. ఏఐ రాసింది చూడండి:

"అన్నదాత కంట కన్నీరు. చేతికొచ్చిన పంట కళ్లముందే నీటిపాలు కావడంతో రైతులు బోరున విలపించారు. 300 బస్తాల ధాన్యం తడిసి ముద్దయింది. తడిసిన ధాన్యాన్ని కొనుగోలు చేస్తామని తహసీల్దారు హామీ ఇచ్చారు."

భాష సాఫీగానే ఉంది, హడావుడిలో ఉన్న సబ్ఎడిటర్ వదిలేసేంత సాఫీగా. కానీ రైతులు ఏడ్చినట్టు విలేకరి రాయలేదు. "సుమారు" ఎగిరిపోయింది, రైతులు చెప్పిన అంచనా కాస్తా ఖాయమైన లెక్క అయింది. అన్నిటికన్నా ప్రమాదం చివరి వాక్యం. తహసీల్దారు పరిశీలించారు, అంతే. హామీ ఎక్కడా లేదు. అది అచ్చయితే మర్నాడు రైతులు ఆ హామీ పట్టుకుని తహసీల్దారు ఆఫీసుకు వెళతారు.

ఇలాంటిది కనబడగానే అందరూ చేసే పని ప్రాంప్ట్‌లో ఒక మాట మార్చి, అదే వార్త మళ్లీ ఇచ్చి చూడటం. ఈసారి హామీ రాకపోతే "సెట్ అయింది" అనుకుంటారు. ఆ మార్పు వల్ల మిగతా వార్తలు ఏమయ్యాయో ఎవరూ చూడరు. చిట్టా మొదలుపెట్టాల్సింది ప్రాంప్ట్ నుంచి కాదు, పరీక్ష పెట్టే వార్తల కట్ట నుంచి.

మన డెస్క్ పాత వార్తల్లోంచి 50 ఏరింది. ఏరేటప్పుడు తేలికైనవి పోగుపడకుండా చూసుకుంది. ప్రమాదాలు, ధాన్యం, పాఠశాల వేడుక, మంత్రి పర్యటన, చోరీ, మార్కెట్ ధరలు, రెండు సంఘటనలు కలగలిపి రాసిన గజిబిజి వార్త, ఊరి పేరు రాయడం మరిచిన వార్త, ఇలా అన్నీ. బాలికపై అఘాయిత్యం కేసు కూడా ఒకటి కావాలనే పెట్టింది. 2012 నాటి పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం బాధితురాలి పేరే కాదు, ఇల్లు, కుటుంబం, బడి, చుట్టుపక్కల వివరాలు కూడా పత్రికలు బయటపెట్టకూడదు. విలేకరి వార్తలో తండ్రి వృత్తి, వీధి పేరు ఉంటే ఏఐ వాటిని తీసేస్తుందా, లేక "ముఖ్య వివరాలు" అనుకుని నిలుపుతుందా అన్నది చూడాలి కదా. ఆ వార్తలోని పేర్లన్నీ మార్చిన తర్వాతే కట్టలో పెట్టారు. చిట్టా పదిమంది తెరిచే ఫైలు, అసలు పేర్లు అందులో ఉండటానికి వీల్లేదు.

50లో 10 పక్కన పెట్టేశారు, వాటి పని చివర్లో. మిగిలిన 40 ఇక మారవు. ప్రతి కొత్త ప్రాంప్ట్‌కూ ఈ నలభయ్యే పరీక్ష.

మార్కులు ఎలా వెయ్యాలి? "బాగుంది, పర్వాలేదు, బాగాలేదు" అని వేస్తే ఇద్దరు మనుషులకు కుదరదు, ఒకే మనిషికి ఉదయం సాయంత్రం కుదరదు. అందుకే అవును, కాదు అని చెప్పగల ప్రశ్నలు నాలుగు పెట్టుకున్నారు. మూలంలో లేనిది చేరిందా? అంకెలు, పేర్లు, "సుమారు" లాంటి మాటలు ఉన్నవి ఉన్నట్టు వచ్చాయా? బాధితుల వివరాలు బయటపడటం, నిందితుణ్ని దోషిగా రాయడం లాంటి చట్టపరమైన తప్పు ఉందా? చెయ్యి పెట్టకుండా వదలొచ్చా? నాలుగింటికీ సరైన జవాబు వస్తేనే ఆ వార్త పాసైనట్టు. మూడో ప్రశ్నకు మాత్రం ప్రత్యేక నియమం ఉంది. అందులో ఒక్క వార్త తప్పినా, మొత్తం మార్కులు ఎన్ని వచ్చినా ఆ ప్రాంప్ట్ వాడుకలోకి రాదు.

మార్కులు వేసేది ఇద్దరు సబ్ఎడిటర్లు, విడివిడిగా. ఏ వార్త ఏ ప్రాంప్ట్ రాసిందో వాళ్లకు తెలియకూడదు. పాతవీ కొత్తవీ కలిపేసి ఇస్తారు. ఇది అనుమానంతో చేసే పని కాదు. తాను రాసిన ప్రాంప్ట్ అని తెలిస్తే ఎంత నిజాయితీపరుడికైనా చెయ్యి కాస్త ఉదారంగా పడుతుంది.

ఇప్పుడు చిట్టా. మామూలు స్ప్రెడ్‌షీట్ చాలు. ఒక్కో ప్రాంప్ట్‌కు ఒక్కో వరుస. రెండో వరుస ఇలా ఉంది:

```
సంఖ్య: చిన్నవార్త-2   (చిన్నవార్త-1 నుంచి)
ప్రాంప్ట్: ఈ వార్తను 60 పదాల్లో రాయి.
మోడల్: gpt-4o-2024-08-06   temperature: 0
మార్పు: "ఆసక్తికరంగా" తీసేశాం
ఎందుకు: లేని ఏడుపులు, హామీలు చేరుస్తోంది
అంచనా: కల్పన తగ్గాలి; మొదటి వాక్యం చప్పబడొచ్చు
ఫలితం: 40లో 25 (ముందు 17)
బాగుపడినవి: 9   చెడినవి: 1 (వార్త 31)
తీర్పు: 1 బదులు ఇది
```

ఇందులో జనం ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది మధ్యలోని మూడు గళ్లు: మార్పు, ఎందుకు, అంచనా. చాలా చిట్టాల్లో అక్కడ "మెరుగుపరిచాం", "ఫైనల్", "ఫైనల్ కొత్తది" అని ఉంటుంది. ఆరు నెలల తర్వాత చూసేవాడికి వాటితో పనిలేదు. ఏ మాట మార్చామో, ఏ తప్పు చూసి మార్చామో రాయాలి. అంచనా పరీక్షకు ముందే రాయాలి. ఫలితం చూశాక రాస్తే ఏ ఫలితానికైనా కారణం అల్లగలం, మనిషి బుర్ర అందులో దిట్ట. ముందే రాసి ఉంటే, కల్పన తగ్గుతుందనుకున్నది తగ్గకుండా మార్కులు మరో కారణంతో పెరిగిన సంగతి బయటపడుతుంది.

ప్రాంప్ట్ గడిలో సారాంశం కాదు, అక్షరం పొల్లుపోకుండా మొత్తం ఉండాలి. ఇది చాదస్తంలా కనిపిస్తుంది. కానీ అర్థం ఏమాత్రం మార్చకుండా ఖాళీలు, కోలన్లు, వరుస విడగొట్టే తీరు మాత్రమే మార్చి చూసిన పరిశోధన ఒకటి 2023లో వచ్చింది. లామా-2 13బి మోడల్ దగ్గర ఆ మార్పులకే కచ్చితత్వం నూటికి 76 దాకా అటూ ఇటూ అయిన సందర్భం అందులో ఉంది. అన్ని మోడళ్లూ అంత సున్నితం కాదు. అయినా వాట్సాప్‌లో ప్రాంప్టులు పంచుకోవడం ఎందుకు ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది. నక్షత్రం గుర్తుల మధ్య పెట్టిన మాటను వాట్సాప్ బొద్దు అక్షరాలుగా మార్చేస్తుంది, ఫోన్ కీబోర్డు కొటేషన్ గుర్తుల్ని వంకర తిప్పుతుంది, కాపీ చేసేటప్పుడు ఖాళీ వరుసలు పోతాయి. గ్రూపులో తిరిగి వచ్చిన ప్రాంప్ట్ చూడటానికి అదే, లోపల వేరు. అసలు ప్రతి ఒకేచోట ఉండాలి, అందరూ అక్కడి నుంచే తీసుకోవాలి.

మోడల్ పేరు విషయంలోనూ అంతే. "చాట్‌జీపీటీ" అని రాస్తే ఏమీ రాయనట్టే. `gpt-4o` అని ఊరికే రాస్తే కంపెనీ ఆ పేరు వెనకాల ఏ కూర్పును పెడితే అది పలుకుతుంది. `gpt-4o-2024-08-06` అని తేదీతో రాస్తే అది ఫలానా కూర్పు. ఇక `temperature` అన్నది పదాల ఎంపికలో మోడల్ ఎంత చపలంగా ఉండాలో చెప్పే సెట్టింగ్. ఇలాంటి పనికి సున్నా పెడతారు. సున్నా పెట్టినా ప్రతిసారీ అక్షరాలా అదే జవాబు వస్తుందన్న హామీ లేదు, అందుకే ఒక్కసారి చూసి నమ్మకూడదు. చాట్ కిటికీలో పరీక్షించేవాళ్లు ప్రతి వార్తకూ కొత్త సంభాషణ తెరవాలి. పాత సంభాషణలో "హామీలు చేర్చొద్దని చెప్పానుగా" అని తిట్టి ఉంటే, ఆ తిట్టు కూడా ప్రాంప్ట్‌లో భాగమే. అక్కడ బాగా పనిచేసిన ప్రాంప్ట్ ఇంకొకరి కంప్యూటర్లో చతికిలబడటానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

రెండో ప్రాంప్ట్‌లో ఒక్క మాట తీసేస్తే 17 కాస్తా 25 అయింది. బాగుపడినవి 9, చెడినది 1. తర్వాత ఎవరో "మూలంలో లేని విషయం చేర్చవద్దు" అన్న వాక్యం జోడించి మూడో ప్రాంప్ట్ చేశారు. అందరికీ మొదట తట్టేది అదే. ఫలితం మళ్లీ 25, రెండు బాగుపడ్డాయి, రెండు చెడ్డాయి. వాక్యం తప్పు కాదు, మరీ విశాలమైనది. మోడల్ దృష్టిలో "హామీ ఇచ్చారు" అన్నది లేని విషయం కాదు. అధికారి వచ్చి చూసిన వార్తలు అలాగే ముగుస్తాయని అది వేల వార్తల్లో చదివింది.

అందుకే నాలుగోదాన్ని మూడో దాని మీద కాకుండా రెండో దాని మీదే కట్టారు. ఈసారి వాక్యం: "ఏడుపు, ఆగ్రహం లాంటి భావాలు, అధికారుల హామీలు, సంఘటనకు కారణాలు మూలంలో స్పష్టంగా ఉంటేనే రాయి; లేకపోతే వదిలెయ్యి." తప్పులు ఏ రూపంలో వస్తున్నాయో ఆ రూపాన్నే పేరు పెట్టి చెప్పారు. 31కి చేరింది. బాగుపడినవి 7. చెడినది ఒక్కటి, అదీ చూడదగ్గది. ఆ వార్తలో మంత్రి నిజంగానే హామీ ఇచ్చాడు, వార్తకు ప్రాణం అదే. భయపడి ఏఐ దాన్నీ వదిలేసింది. ఈ సంగతి చిట్టాలో రాశారు కాబట్టి తర్వాతి వాళ్లకు ఎక్కడ చూడాలో తెలిసింది.

ఇక్కడ ఆగి ఒక పని చేశారు, చాలామంది చెయ్యనిది. నాలుగో ప్రాంప్ట్‌ను ఏ మార్పూ లేకుండా మరో రెండుసార్లు నలభై వార్తల మీదా నడిపారు. ఒకసారి 30 వచ్చింది, ఒకసారి 32. అంటే ఏమీ మార్చకపోయినా ఒకటి అటూ ఇటూ ఊగుతుంది. ఇకపై ఒకటి రెండు మార్కుల తేడా చూసి సంబరపడటానికి లేదు.

ఐదో ప్రాంప్ట్‌లో అది అక్కరకొచ్చింది. నాలుగో దానికి రెండు నమూనాలు జోడించారు: విలేకరి పంపిన వార్త, దానికి మంచి సబ్ఎడిటర్ రాసిన చిన్న వార్త, ఇలా రెండు జతలు. మోడళ్లకు నమూనా చూపించడం మామూలుగా మంచి ఉపాయమే. 33 వచ్చింది. 31 కన్నా 33 ఎక్కువ కదా, వాడేద్దాం అన్నారు కొందరు. చిట్టాలో మొత్తం పక్కనే బాగుపడినవి 5, చెడినవి 3 అని ఉంది. మారిన ఎనిమిది వార్తల సంగతి నాణెం ఎగరేసి తేల్చినా, ఎనిమిదింట ఐదో అంతకన్నా ఎక్కువో మన వైపు పడే అవకాశం వందలో 36. గెలుపు అనడానికి ఇది చాలదు. అదే రెండో ప్రాంప్ట్ లాగా 9 బాగుపడి 1 చెడితే, నాణెం వాటంగా అంత రావడం వందలో ఒక్కసారి. దాన్ని నమ్మొచ్చు. ఇందుకు గణితం చదివి ఉండక్కర్లేదు. మొత్తాన్ని కాకుండా, మారిన వార్తల్లో ఎటు ఎన్ని వెళ్లాయో చూడటం అలవాటైతే చాలు.

చెడిన మూడింటినీ తెరిచి చూస్తే అసలు కథ తెలిసింది. జోడించిన నమూనాలు రెండూ నేరవార్తలే, రెండూ "పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు" అని ముగిశాయి. ఏఐ ఆ ముగింపును నేర్చేసుకుంది. పాఠశాల వార్షికోత్సవం వార్త చివర పోలీసులు కేసు నమోదు చేశారు. నవ్వొస్తుంది గానీ, ప్రధానోపాధ్యాయుడు నవ్వడు. చట్టపరమైన ప్రశ్నలో తప్పడంతో నియమం ప్రకారం ఐదోది అక్కడే ఆగిపోయింది. మొత్తం మార్కుల పట్టిక మాత్రమే ఉన్న చిట్టా అయితే 33తో ఇదే విజేత అయ్యేది.

ఆరో ప్రాంప్ట్ మళ్లీ నాలుగో దాని నుంచే మొదలైంది. నమూనాలు మార్చారు: ఒకటి ధాన్యం వార్త లాంటిది, పరిశీలించారు అన్న దగ్గరే ఆగిపోయేది, రెండోది మంత్రి హామీ నిజంగా ఉన్నది, దాన్ని నిలిపినది. 35 వచ్చింది. బాగుపడినవి 5, చెడినది 1, చట్టపరమైన తప్పు ఒక్కటీ లేదు. ఆరింట ఐదు అనేది నాణెం లెక్కలో మరీ గట్టిది కాదు, వందలో 11 సార్లు ఊరికే రావచ్చు. మరో రెండుసార్లు నడిపితే 34, 35 వచ్చాయి. అప్పుడు పక్కన పెట్టిన 10 వార్తలు బయటికి తీశారు. ఆరు ప్రాంప్టుల పాటు అవే నలభై వార్తలు చూసి మాటలు దిద్దుతూ పోతే, ప్రాంప్ట్ ఆ నలభైకి మాత్రమే కొట్టినపిండి అయ్యే ప్రమాదం ఉంది. ఎవరూ చూడని పదింటి మీద నాలుగోది 7, ఆరోది 8. పదింటితో ఎవరు మెరుగో తేలదు. కానీ ఆరోది కొత్త వార్తల దగ్గర కుప్పకూలడం లేదని మాత్రం తెలిసింది, దానికి అంత చాలు.

60 పదాల సంగతి చెప్పలేదు కదా. మోడళ్లు పదాలు లెక్కపెట్టడంలో మందం. అవి భాషను పదాలుగా కాదు, టోకెన్లు అనే ముక్కలుగా చూస్తాయి, తెలుగు పదం ఒక్కొక్కటి చాలా ముక్కలవుతుంది. "60 పదాలు" అంటే 45 నుంచి 80 దాకా ఏదైనా రావచ్చు. డెస్క్ దాన్ని "మూడు వాక్యాలు, మొదటి వాక్యంలో ఏం జరిగిందో ఎక్కడ జరిగిందో" అని మార్చింది. నిడివి దారికొచ్చింది. ఆ మార్పుకు విడిగా ఒక వరుస, విడిగా ఒక పరీక్ష. రెండు మార్పులు ఒకేసారి చేస్తే మార్కులు పెరిగినా దేనివల్లో తెలియదు. ఒక్కోసారి తీరికలేక రెండూ కలిపి చేయాల్సి వస్తుంది. అప్పుడు కనీసం "రెండు మార్పులు కలిపి" అని రాయాలి.

ఓడిపోయిన మూడు, ఐదు వరుసల్ని తీసేద్దామని ఎవరో ఒకరు అంటారు, చిట్టా పొడుగైపోతోందని. తీసేయకూడదు. కొత్తగా చేరిన కుర్రాడు మొదటి వారమే "మూలంలో లేనిది చేర్చవద్దు" అన్న వాక్యం తెస్తాడు, అది ఖాయం. మూడో వరుస చూపిస్తే ఒక పూట మిగులుతుంది. అతను "అప్పటి మోడల్ వేరు కదా, ఇప్పుడు చూద్దామా?" అని అడిగితే అదీ న్యాయమైన ప్రశ్నే. మోడల్ గడి ఉంది కాబట్టే అలా అడగగలిగాడు.

గెలిచిన మాటల్ని ఇంకోచోట వాడుకోవడం గురించి. ఇదే పత్రికలో మార్కెట్ ధరల పేజీ చూసే వాళ్లకూ ఏఐ సాయం కావాల్సి వచ్చిందనుకుందాం. చిన్నవార్త-6 ను ఎత్తుకెళ్లి అతికించడం తప్పు, మొదటి నుంచి మొదలుపెట్టడమూ దండగ. చిట్టా చూస్తే ఏ వాక్యం ఏ తప్పును ఆపిందో తెలుస్తుంది కాబట్టి, అక్కడ పనికొచ్చే వాక్యం ఒక్కటే తీసుకుంటారు. ధరల పేజీలో ఏడుపులు రావు, కారణాలు వస్తాయి. పత్తి ధర తగ్గితే "ఎగుమతులు మందగించడంతో" అని ఏఐ తనంతట తాను చేర్చగలదు. కాబట్టి "కారణాలు మూలంలో స్పష్టంగా ఉంటేనే" అన్న ముక్క తీసుకుని, చిట్టాలో "చిన్నవార్త-4 నుంచి" అని రాసి, ధరల వార్తల మీద కొత్తగా పరీక్షిస్తారు. నమూనాలు మాత్రం తీసుకెళ్లకూడదు, అవి పాత పని వాసన వదలవు.

పని మారకపోయినా మోడల్ మారితే పరీక్ష మళ్లీ మొదటికే. పైన చెప్పిన డీప్‌మైండ్ పరిశోధనలో పామ్ 2-ఎల్ దగ్గర 80.2 తెచ్చుకున్న వాక్యం ఇది:

```
Take a deep breath and work on this problem step-by-step.
```

"గట్టిగా ఊపిరి పీల్చుకో" అన్న ఆ మాట అప్పట్లో పత్రికల్లో బాగా తిరిగింది, ఏ మోడల్‌కైనా పనికొచ్చే మంత్రంలా. అదే పరిశోధనలో టెక్స్ట్-బైసన్ అనే మరో మోడల్ దగ్గర గెలిచిన వాక్యాల తీరు వేరు, ఊపిరి ఊసే లేదు. పేరు మారకుండా లోపల మారే మోడళ్లూ ఉంటాయి. స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ పరిశోధకులు 2023 మార్చిలో ఒకసారి, జూన్‌లో ఒకసారి జీపీటీ-4ను ప్రధాన సంఖ్యలు గుర్తించమని అడిగారు. మార్చిలో నూటికి 84 సరిగ్గా చెప్పింది, జూన్‌లో 51. అడిగిన మాటలు అవే.

అందుకని కొత్త మోడల్ వచ్చిన రోజు ప్రాంప్ట్ ముట్టుకోకూడదు. ముందు పాత ప్రాంప్ట్‌నే, ఒక్క అక్షరం మార్చకుండా, కొత్త మోడల్ మీద నలభై వార్తలకూ నడపాలి. దానికి చిట్టాలో కొత్త వరుస, ప్రాంప్ట్ సంఖ్య పాతదే, మోడల్ గడి మాత్రం కొత్తది. 35 నుంచి 29కి పడితే తప్పు మోడల్ మార్పులో ఉందని తేలుతుంది. రెండూ ఒకేసారి మారిస్తే ఎవర్ని అడగాలో తెలియదు. కొత్త మోడళ్లు ఆదేశాన్ని మరీ అక్షరాలా పట్టుకునే సందర్భాలూ ఉంటాయి. పాత మోడల్ కోసం గట్టిగా చెప్పిన "వదిలెయ్యి" కొత్తదాని దగ్గర మంత్రి హామీలన్నిటినీ మింగేయొచ్చు. మంత్రి హామీ వార్త ఎలా వచ్చిందో ముందు చూడమని చిట్టానే చెబుతుంది.

చివరిగా రెండు ఏర్పాట్లు, చిన్నవే గానీ లేకపోతే చిట్టా షోకేసు బొమ్మే. ప్రచురితమైన ప్రతి చిన్న వార్త వెనక, పాఠకుడికి కనిపించకుండా, దాన్ని రాసిన ప్రాంప్ట్ సంఖ్య నమోదు కావాలి. ఎవరైనా ఫోన్ చేసి "నేను అలా అనలేదు" అన్నప్పుడు, ఆ వార్త చిన్నవార్త-4 రాసిందో 6 రాసిందో క్షణంలో తెలియాలి. అదే ప్రాంప్ట్ ఆ వారం రాసిన మిగతా వార్తల్నీ వెతికి చూడొచ్చు. రెండోది, చిట్టాలో ఎవరైనా కొత్త వరుస రాయొచ్చు, కానీ "వాడుకలో ఉంది" అన్న గుర్తు ఒక్క వరుసకే, ఆ గుర్తు జరిపే అధికారం ఒక్కరికే. పొద్దున షిఫ్టుకు ఒకటి, రాత్రి షిఫ్టుకు ఒకటి నడిస్తే ఏ పరీక్షకూ విలువ ఉండదు.

ఫోన్ ఫిర్యాదు నిజమని తేలితే ఆ వార్తే, పేర్లు మార్చి, పరీక్ష కట్టలోకి 41వదిగా వెళుతుంది. అప్పుడు వాడుకలో ఉన్న ప్రాంప్ట్‌ను నలభై ఒకటి మీదా మళ్లీ నడిపి, చిట్టాలో "41 వార్తల కట్ట" అని తేదీతో గీత గీస్తారు. ఆ గీతకు పైనున్న మార్కుల్ని కిందున్న వాటితో నేరుగా పోల్చరు.